నేర్చుకున్న వంటకు బాకీ ఎంత

ఈమధ్య సెలవులకు ఊరు తిరిగే పద్ధతిలో ఒక కొత్త రకం వచ్చింది. కొండలు, గుళ్లు, జలపాతాలు చూసి ఫొటోలు దిగి రావడం కాకుండా, ఏదో ఒక చిన్న ఊళ్లో నాలుగు రోజులు ఉండి, అక్కడి ఆడవాళ్ల వంటిళ్లలో కూర్చుని, ఆ ప్రాంతపు వంట వాళ్ల చేతనే నేర్చుకుని వస్తున్నారు. దానికి రోజుకింత అని డబ్బు కడతారు. ఇటలీ పల్లెల్లో ఇది ఉంది. చెట్టినాడు వంటకు పేరుపడిన తమిళనాడు కారైకుడిలోనూ ఉంది. హోంస్టే అనే మాట అరకు దాకా వచ్చింది కాబట్టి, దాని వెనకే "మీ ఇంటి వంట మా అతిథులకు నేర్పుతారా" అనే మాట కూడా మన గూడేలకు వస్తుంది. వచ్చేలోపు ఒక ప్రశ్న మనలో మనం తేల్చుకుని ఉండాలని మా ఉద్దేశం. తరతరాలుగా ఒక జాతి ఆడవాళ్ల చేతుల్లో పెరిగిన వంటను ఒక పరాయి మనిషి ఒక పూటలో నేర్చుకుని, ఆ పూటకు డబ్బు చేతిలో పెట్టి వెళ్లిపోతే, లెక్క అక్కడితో తీరిపోయినట్టేనా?

ఉదాహరణ లేకుండా వాదించుకుంటే ఇది ఎటూ తేలదు. అందుకని ఈ పని చాలాకాలంగా జరుగుతున్న ఒక ఆదివాసీ ఊరిని తీసుకుని చూద్దాం. మెక్సికో దేశం దక్షిణాన వహాకా అనే రాష్ట్రం ఉంది. దాని రాజధాని పేరు కూడా వహాకానే. ఆ నగరానికి తూర్పుగా ముప్పై కిలోమీటర్ల దూరంలో, కొండ దిగువన తియోతిత్లాన్ దెల్ వాయే అనే చిన్న ఊరు. అక్కడివాళ్లు సపోతెక్ జాతివాళ్లు. స్పెయిన్ వాళ్లు రాకముందునుంచీ ఆ లోయలో ఉన్నవాళ్లు. సొంత భాష ఉంది, ఇళ్లలో ఇప్పటికీ అదే మాట్లాడతారు. ఊరికి పేరు తెచ్చింది ఉన్ని నేత. బొమ్మజెముడు మీద బతికే ఒక చిన్న పురుగునుంచి తీసిన ఎర్ర రంగుతో వాళ్లు నేసే తివాచీలు దేశాలు దాటి పోతాయి. ఆ తివాచీలు కొనడానికి వచ్చినవాళ్లే మెల్లగా వాళ్ల వంట దగ్గర కూడా ఆగారు. అబిగైల్ మెండోసా అనే సపోతెక్ వంటగత్తె అక్కచెల్లెళ్లతో కలిసి నడిపిన భోజనశాల వల్ల ఆ ఊరి వంటకు బయట పేరు వచ్చింది. ఇప్పుడు మామూలు ఇళ్లలో కూడా వంట నేర్పుతున్నారు.

నేర్పే రోజు సాధారణంగా ఇలా సాగుతుంది. పొద్దున్నే ఇంటావిడ వచ్చినవాళ్లను ఊరి సంతకు తీసుకెళ్తుంది. ఆదివారమైతే దగ్గర్లోని త్లాకొలూలా ఊళ్లో పెద్ద సంత. ఆ సంతను చూస్తే మనకు మన వారపు సంతే గుర్తొస్తుంది. నేలమీద గుడ్డ పరిచి మిరపకాయలు రకానికో కుప్ప పోసుకుని కూర్చున్న ఆడవాళ్లు, కాళ్లు కట్టేసిన కోళ్లు, ఆకుల కట్టలు, ఒక మూల సున్నపు రాళ్లు. అవి గోడకు వేసే సున్నం కోసం కాదు, వంటకే. అక్కణ్నుంచి ఇంటికి వచ్చి పెరట్లో పొయ్యి రాజేసి, మిరపకాయలు వేయించి, మోలే అనే చిక్కటి పులుసు నూరి, మొక్కజొన్న రొట్టెలు కాల్చి, చివరకు అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటారు. వచ్చినవాళ్లు ఇంటికి వెళ్లాక ఎక్కువగా చెప్పుకునేది మోలే గురించే. అందులో పడే సరుకుల జాబితా పొడవుగా ఉంటుంది, చెప్పడానికి గొప్పగా ఉంటుంది. మేము మాత్రం రొట్టె దగ్గరే ఆగుతాం. ఎందుకంటే మన ప్రశ్నకు జవాబు ఆ రొట్టెలో ఉంది.

టోర్టియా అనే ఆ రొట్టెకు మన జొన్నరొట్టెలా పిండి పట్టించి నీళ్లు కలిపితే సరిపోదు. మొక్కజొన్న ఎండు గింజలను ముందు సున్నపు నీళ్లలో ఉడకబెట్టాలి. మనం తమలపాకుకు రాసుకునే సున్నం లాంటిదే అది. కిలో గింజలకు పది గ్రాముల సున్నం, అంటే నూటికి ఒక పాలు, గింజలు మునిగి పైన నాలుగు వేళ్లు నిలిచేంత నీళ్లు. సున్నం పడగానే గింజలు పసుపురంగుకు తిరుగుతాయి. సన్నటి సెగమీద, తెర్లీ తెర్లనట్టు, అరగంటో ముప్పావుగంటో ఉంచి దించేస్తారు. ఆ తర్వాత పని చేసేది నిప్పు కాదు, రాత్రి. కుండ అలాగే తెల్లవారేదాకా, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు, సున్నపు నీళ్లలో నానాలి. పొద్దున ఆ పచ్చటి జిడ్డు నీళ్లు పారబోసి గింజలు కడుగుతారు. ఇలా తయారైన గింజకు నిష్తమాల్ అని పేరు. ఆ మాటలో మొదటి సగానికి బూడిద అని అర్థం. సున్నం బదులు కట్టెబూడిద నీళ్లు వాడిన కాలం ఆ పేరులో నిలిచిపోయింది.

ఉడికిందో లేదో గడియారం చెప్పదు. కొత్త పంట గింజకు తక్కువసేపు చాలు, ఏడాది పాత గింజకు ఎక్కువసేపు కావాలి. ఇంటావిడ ఒక గింజ తీసి రెండు వేళ్లమధ్య నలుపుతుంది. పొట్టు చర్మంలా జారిపోవాలి. తర్వాత గింజను కొరికి లోపల చూస్తుంది. చుట్టూ మెత్తబడి, సరిగ్గా నడిమధ్యన చిన్న తెల్లటి పొడి చుక్క మిగిలి ఉంటే దించేయాలి. ఆ చుక్క లేకుండా ఉడికితే పిండి ముద్ద బంకలా చేతికీ బండకూ అంటుకుపోతుంది. చుక్క మరీ పెద్దదైతే ముద్ద పట్టు ఉండదు, రొట్టె తట్టేటప్పుడు అంచులు పగుళ్లు ఇస్తాయి. కడగడంలో కూడా చిక్కు ఉంది. సరిగ్గా కడగకపోతే సున్నపు చేదు మిగులుతుంది. మరీ శుభ్రంగా, పొట్టంతా పోయేలా కడిగితే జిగురు పోయి రొట్టె విరిగిపోతుంది. పెనం మట్టిది. దానికీ పలచగా సున్నపు నీళ్లు పూస్తారు, రొట్టె అంటుకోకుండా. మొదటి వైపు కాసేపే ఉంచి, అంచు వదలగానే తిప్పి, రెండో వైపు బాగా కాలనిచ్చి, మళ్లీ తిప్పితే రొట్టె పొంగాలి. పొంగిందంటే నిన్న సాయంత్రం నుంచి చేసిన పనంతా సరిగ్గా ఉందని అర్థం. పొంగకపోతే తప్పు ఎక్కడ జరిగిందో వెనక్కి వెళ్లి వెతుక్కోవాలి. వచ్చినవాళ్ల రొట్టెలు ఎక్కువగా పొంగవు. తడి తక్కువై గట్టిగా ఉంటాయి, లేదా చేత్తో సమంగా తట్టడం రాదు. పక్కన కూర్చున్న ఇంటావిడ కోడలు తట్టినవి ఒకదాని తర్వాత ఒకటి బూరెల్లా లేస్తుంటాయి.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి.

మొదటిది కూలి లెక్క. వచ్చినవాళ్లు ఐదారు గంటలు ఉంటారు, ఆ ఐదారు గంటలకే డబ్బు కడుతున్నామని అనుకుంటారు. కానీ వాళ్లు తినే రొట్టెకు పని నిన్న సాయంత్రమే మొదలైంది. గింజ ఏరడం, సున్నం కలపడం, కుండ దించడం వాళ్లు రాకముందే అయిపోయాయి. ఆరుగురు వచ్చినప్పుడు ఇంటావిడ ఒక్కతే నేర్పలేదు. నిప్పు చూసుకోవడానికి ఒకరు, గిన్నెలు కడగడానికి, తివాచీ నేత ఆపి వచ్చి పొయ్యి దగ్గర కూర్చోవడానికి ఒకరు ఉండాలి. అంటే ఒకరి ఆరు గంటల పనిలా కనిపించేది నిజానికి ముగ్గురి రోజున్నర పని. మధ్యలో ఒక టూరు కంపెనీ ఉండి, వారం రోజుల యాత్రలో ఈ వంటను ఒక పూటగా కలిపి అమ్మితే, ఆ వారానికి వాళ్లు తీసుకునే ధరలో వంటింటికి చేరేది ఏ వంతో వచ్చినవాళ్లకు తెలియదు, చాలాసార్లు ఇంటావిడకూ తెలియదు. ఇది నీతి ప్రశ్నల్లో తేలికైనది. జవాబు ఇప్పటికే అందరికీ తెలుసు. పని చేసినవాళ్లకు పనంతటికీ కూలి దక్కాలి, ధర వాళ్లకు తెలియాలి. దీనిమీద ఇంకా ఎక్కువ రాయం.

రెండోది కాస్త చిక్కుది. ఆ ఊళ్లో మెతాతే అనే నూరుడు బండ ఉంటుంది. మూడు కాళ్ల మీద వాలుగా నిలిచే నల్లరాయి, పైన రెండు చేతులతో ఆడించే పొత్రం. మన సన్నికల్లుకు అక్కలాంటిది. ఆడవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని ఒళ్లంతా ముందుకు వాల్చి నూరాలి. ఇంటిల్లిపాదికీ సరిపడా పిండి నూరడానికి పూర్వం రోజూ గంటలు పట్టేది. ఇప్పుడు ఊళ్లో మర ఉంది. నానిన గింజను బకెట్టులో పోసుకుని మరకు పట్టుకెళ్తే నిమిషాల్లో ముద్ద చేతికొస్తుంది. మెతాతే మీద చివరి నూరుడు, మిరపకాయల నూరుడు మాత్రం మిగిలాయి. వచ్చినవాళ్లకు మాత్రం మర మోత నచ్చదు, బండ నచ్చుతుంది. ఫొటోకు బండ బాగుంటుంది. అలాంటప్పుడు మరను దాచి బండనే చూపించడం అబద్ధం కాదా? కొంత అబద్ధమేనని మేము అనుకుంటున్నాం. ఆ అబద్ధం అడిగేది వంటావిడ కాదు, చూడవచ్చినవాళ్ల కోరిక. బండ వదిలి మరకు వెళ్లినందుకు ఆ ఆడవాళ్ల మోకాళ్లు, నడుములు బతికాయి. ఆ సంగతి కూడా పాఠంలో భాగమే. వచ్చినవాళ్ల చేతికి బకెట్టు ఇచ్చి మర దగ్గర వరుసలో నిలబెట్టే ఇళ్లూ ఉన్నాయి. అవే మంచి ఇళ్లని మా అభిప్రాయం.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. బాకీ అనే మాటకు తియోతిత్లాన్‌లో ఒక సొంత లెక్క ఉంది. పెళ్లో, ఊరి పండుగో చేసే ఇంటికి బంధువులు, ఇరుగుపొరుగు టర్కీ కోళ్లు, మొక్కజొన్న, చాక్లెట్ గింజలు, రొట్టెలు తెచ్చి ఇస్తారు. తీసుకున్న ఇంటివాళ్లు ఎవరు ఏది ఎంత తెచ్చారో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటారు. కోడి ఎంత బరువో కూడా రాస్తారు. ఇచ్చినవాళ్ల ఇంట్లో శుభకార్యం వచ్చినప్పుడు అంతే బరువు కోడి, అంతే కొలత గింజ తిరిగి ఇవ్వాలి. అది పదేళ్లకు కావచ్చు, ఇరవై ఏళ్లకు కావచ్చు. తండ్రి పోతే ఆ పుస్తకం కొడుక్కి వస్తుంది. దీనికి గెలగెట్సా అని పేరు. మన పెళ్లిళ్లలో చదివింపులు రాసుకున్నట్టే, కానీ ఇంకా గట్టిది. ఒకరికొకరు బాకీ ఉండడమే ఆ ఊరిని ఊరుగా పట్టి ఉంచుతుంది. బాకీలన్నీ ఒకేరోజు తీర్చేసుకుంటే ఇక ఒకరి గడప ఒకరు తొక్కే పని ఉండదు. (అదే పేరుతో వహాకా నగరంలో ఏటా జూలైలో పెద్ద నృత్యాల పండుగ జరుగుతుంది, ముందు వరుసలకు టికెట్లు కూడా ఉంటాయి. ఇచ్చిపుచ్చుకోవడం అనే మాట టికెట్టు మీదికి ఎక్కింది. మన థింసా ఎక్కడెక్కడ ఎక్కిందో మనకు తెలుసు.)

వంట నేర్చుకోవడానికి వచ్చినవాడి పేరు ఆ పుస్తకంలో ఉండదు. వాడు డబ్బు ఇస్తాడు, లెక్క సాయంత్రానికే మూసుకుపోతుంది. ఇందులో మంచి కూడా ఉంది. పరాయి మనిషికి బాకీ పడి ఉండాల్సిన పని ఇంటావిడకు లేదు, వాడి మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. డబ్బు ఆమె చేతికి వస్తుంది, నేత మగవాళ్ల చేతిలో ఎక్కువగా ఉన్న ఊళ్లో అది చిన్న విషయం కాదు. కాబట్టి వంటను డబ్బుకు నేర్పడం తప్పనేవాళ్ల వాదన మాకు నచ్చదు. అమ్మకూడనిది అని తేల్చేస్తే ఆడవాళ్ల పనికి ఎప్పటిలాగే ఏమీ దక్కదు. కానీ సాయంత్రం మూసుకున్న లెక్కలో ఉన్నది ఆ రోజు శ్రమ. నిన్న రాత్రి కుండలో సున్నం వేయాలని తెలిసిన తెలివి, దాని వెనక ఉన్న కాలం, ఆ లెక్కలో ఉందా? ఆ లోయలోనే, మిత్లా ఊరికి దగ్గర్లో ఉన్న గిలా నాకిట్స్ గుహలో, 6,000 ఏళ్లకు పైబడిన మొక్కజొన్న కంకి ముక్కలు దొరికాయి. గడ్డిజాతి మొక్కను కంకిగా మార్చినవాళ్లు, ఆ కంకిని సున్నంతో తిండిగా మార్చినవాళ్లు ఎవరో మనకు పేర్లతో తెలియదు. పేర్లు తెలియనివాళ్లకు బాకీ ఎలా తీరుస్తాం?

ఆ తెలివిని వదిలేసి గింజను మాత్రం తీసుకుపోతే ఏమవుతుందో ఒకసారి ప్రపంచం చూసింది. స్పెయిన్ వాళ్లు అమెరికా ఖండం నుంచి మొక్కజొన్న గింజను యూరప్‌కు పట్టుకుపోయారు. సున్నపు కుండను పట్టుకుపోలేదు. గింజ బాగా పండింది, చవకైంది, బీదవాళ్లకు అదే తిండి అయింది. 1735లో స్పెయిన్ ఉత్తరాన గాస్పర్ కసాల్ అనే వైద్యుడు బీద రైతుల్లో ఒక కొత్త జబ్బు చూశాడు. ఎండ తగిలేచోట చర్మం ఎర్రబడి, నల్లబడి, పొలుసులు లేచేది. విరేచనాలు పట్టుకునేవి, చివరకు మతి చలించి చనిపోయేవాళ్లు. ఇటలీలో దానికి పెల్లాగ్రా అని పేరు వచ్చింది, అంటే గరుకు చర్మం. మొక్కజొన్న అంబలి మీద బతికే ఉత్తర ఇటలీ పల్లెల్లో ఆ జబ్బు తరాలపాటు ఉంది. పండితులు గింజ బూజు పట్టినదన్నారు, గింజలోనే విషం ఉందన్నారు. తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పత్తి కూలీలు, మిల్లు కూలీలు అదే జబ్బుతో పడిపోయారు. 1906 నుంచి 1940 దాకా అక్కడ దాదాపు 30 లక్షల మందికి వచ్చిందని, లక్ష మంది చనిపోయారని అంచనా. అది అంటువ్యాధి కాదు, తిండి లోపమేనని జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుడు 1914 తర్వాత ఎంతో పోరాడి చూపించాడు. లోపించింది నియాసిన్ అనే విటమిన్ అని 1937 తర్వాత తేలింది.

కారణం ఇది. మొక్కజొన్నలో నియాసిన్ ఉంది, కానీ మన పేగులు తీసుకోలేనట్టు బిగిసిపోయి ఉంటుంది. సున్నపు నీళ్లలో ఉడికి నానితే ఆ బిగువు వదులుతుంది. పైగా సున్నంలోని కాల్షియం కూడా గింజకు పడుతుంది. సపోతెక్ ఆడవాళ్లకు నియాసిన్ పేరు తెలియదు, రొట్టె బాగా వస్తుందని తెలుసు, ఒళ్లు బాగుంటుందని తెలుసు. సున్నం ఒక్కటే కాపాడిందని కూడా అనలేం. వాళ్లు మొక్కజొన్నతో పాటు చిక్కుడు జాతి గింజలు, గుమ్మడి, ఆకుకూరలు తిన్నారు. యూరప్ కూలీకి మొక్కజొన్న తప్ప మరొకటి లేదు. అంటే వంటలోనుంచి ఒక్క సున్నమే కాదు, పక్కన ఉండే కంచమంతా జారిపోయింది. ఈ కథ మనకు దూరం కాదు. 1960లో హైదరాబాదులో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా అనే శాస్త్రవేత్తలు దక్కన్‌లో జొన్న తప్ప మరొకటి దొరకని బీద కూలీల్లో ఇదే పెల్లాగ్రా ఎందుకు వస్తోందో పరిశీలించి రాశారు. జొన్న తప్పు కాదది, జొన్న ఒక్కటే మిగలడం తప్పు.

రెండు వందల ఏళ్లు ఎంతమంది పండితులు వెతికినా దొరకని జవాబులో సగం ఒక వంటింటి కుండలో ఉంది. ఎవరూ వెళ్లి ఆ ఇల్లాలిని అడగలేదు. ఆ లెక్కన ఈ వంట సెలవులు మంచివే అనిపిస్తుంది. ఐదు వందల ఏళ్ల తర్వాత బయటివాళ్లు వచ్చి, ఆమె ముందు కూర్చుని, ఎలా చేస్తావు, ఎందుకు చేస్తావు అని అడుగుతున్నారు. అందుకే మేము అనుకునేది ఏమిటంటే, నేర్చుకునేవాడు పడే మొదటి బాకీ డబ్బు కాదు, మొత్తం నేర్చుకోవడం. మూడు గంటల పాఠాల్లో ముద్ద ముందే నూరి తయారుగా పెట్టి, రొట్టె తట్టడం మాత్రం చూపిస్తారు. అందరికీ అదే సులువు. కానీ అది రొట్టె ఆకారాన్ని నేర్చుకోవడమే అవుతుంది. ఈ కాలంలో అలా నేర్చుకుని వెళ్లినవాడికి పెల్లాగ్రా ఏమీ రాదు. వాడి ఊళ్లో సున్నంతో శుద్ధిచేసిన పిండి సంచుల్లో దొరుకుతుంది, కంచంలో ఇంకా పది రకాలు ఉంటాయి. అయినా, నాకు ఈ వంట వచ్చు అని వాడు చెప్పుకునే మాట నిజం కావాలంటే ముందురోజు సాయంత్రమే రావాలి, కుండ దగ్గర కూర్చోవాలి, గింజ కొరికి ఆ తెల్ల చుక్క చూడాలి.

రెండో బాకీ నేర్చుకున్నదాన్ని ఏం చేస్తాడన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇంటికి వెళ్లి తన పిల్లలకు పెట్టుకుంటే ఆమెకు ఇచ్చిన కూలి చాలు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో చెబితే ఇంకా మంచిది. హోటలు పెడితే, పుస్తకం వేస్తే సంగతి వేరు. ఆ పూట డబ్బు పాఠానికి ఇచ్చింది, వంటకు ధర కాదు. చట్టం ఇక్కడ సాయపడదు. వంటకం అనేది ఎవరి సొత్తుగానూ చట్టం సాధారణంగా గుర్తించదు. 2010లో మెక్సికో సంప్రదాయ వంటను యునెస్కో మానవాళి వారసత్వాల్లో చేర్చింది. గౌరవమే, కానీ దానివల్ల తియోతిత్లాన్‌లోని ఒక ఇంటికి ఏ హక్కూ రాలేదు. అక్కడ మిగిలేది నేర్చుకున్నవాడి సిగ్గు ఒక్కటే. వాడు ఊరి పేరు, నేర్పిన మనిషి పేరు ఆమె ఇష్టం మీద రాయాలి, లాభంలో పాలు పంపాలి, ఆమె చెప్పొద్దన్నది చెప్పకూడదు.

దీనికి ఒక ఎదురు వాదన ఉంది, దాన్ని దాటి పోలేం. మిరపకాయ మెక్సికోది. టమాటా అక్కడిది, ఆ మాట కూడా అక్కడి ఆదివాసీ భాషదే. మొక్కజొన్న అక్కడిదే, మన పోడు చేలల్లో ఇప్పుడు అది నిలబడి ఉంది. మిరప లేని మన పచ్చడి ఊహకు రాదు, ఐదు వందల ఏళ్లుగా తింటున్నాం, ఎవరికీ ఒక్క పైసా ఇవ్వలేదు. మరి మనమే ఇంత బాకీదారులమై ఉండి ఇతరులను ఎలా అడుగుతాం? మా జవాబు ఇది. మిరపను మనకు ఇచ్చింది ఓడలు, సముద్రాలు, ఎన్నో చేతులు. ఎవరి ముఖమూ మనం చూడలేదు. ముఖం లేని బాకీ ఊరంతటికీ పంచిన గింజలాంటిది, దాన్ని ఇంకొకరికి పెట్టడమే తీర్చడం. కానీ ఎదురుగా కూర్చుని, చేయి పట్టుకుని రొట్టె తట్టించిన మనిషి ముఖం తెలుసు, ఇల్లు తెలుసు. ఆ బాకీని మిరపకాయ బాకీలో కలిపేసి తప్పించుకోకూడదు. ఈ జవాబు పూర్తిగా గట్టిదని మేము అనడం లేదు. మూడో తరంలో ఆ ముఖం కూడా చెరిగిపోతుంది కదా అని అడిగితే మా దగ్గర మాట లేదు.

ఇక మన గూడేల సంగతి. అరకు వెళ్లే దారిపొడుగునా బొంగులో చికెన్ అమ్ముతున్నారు. అది మన వంటే అని అందరూ అంటారు. కానీ ఎక్కడి బొంగు, ఎంత పచ్చిది, లోపల ఏ ఆకు వేసి మూశారు అని అడిగేవాళ్లు తక్కువ. మాంసం నచ్చుతుంది, నేర్చుకోవడమూ సులువు, కాబట్టి రేపు వంట నేర్పమని వచ్చేవాళ్లు అడిగేది అదే. మేము చెప్పేది ఏమిటంటే, అది నేర్పండి, తగిన డబ్బు తీసుకోండి, ఆరుగురు చాలు అనిపిస్తే ఏడోవాణ్ని వద్దనండి. చావు కూడు, దేవర నైవేద్యం నేర్పనక్కర్లేదు, ఎందుకు నేర్పరో చెప్పనూ అక్కర్లేదు. కానీ ఎవరైనా మన తిండి మొత్తం తెలుసుకోవాలని నిజంగా వస్తే, వాళ్లకు మామిడి టెంక అంబలి చూపించాలి.

కరువు నెలల్లో మన పెద్దవాళ్లను బతికించిన తిండి అది. టెంక పగలగొట్టి లోపలి జీడిని తీసి బాగా ఎండబెట్టాలి. దంచి, నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు వంచి, మళ్లీ పోసి, వగరు పోయేదాకా కడగాలి. అప్పుడే అది అంబలికి పనికొస్తుంది. ఎండడంలో తేడా వస్తే, వానకు తడిసి బూజు పడితే, అదే తిండి ప్రాణం తీస్తుంది. 2001లో ఒడిశా కాశీపూర్‌లో ఆదివాసులు చనిపోయినప్పుడు టెంక జీడి అంబలే కారణమన్నారు కొందరు, ఆకలి కారణమన్నారు కొందరు. వేరే తిండి ఉంటే బూజు పట్టిన జీడి ఎవరు తింటారు అన్న మాటకు జవాబు రాలేదు. ఆ జీడిని ఎండలో ఎలా చూడాలో, ముక్కుతో ఎలా పట్టాలో, నాలుకమీద వగరు ఎంత మిగిలితే ఇంకోసారి కడగాలో మా అత్తలకు, అవ్వలకు తెలుసు. అది రాసిపెట్టలేం, ఒక పూటలో నేర్పలేం. టెంకలు దొరికేది మామిడి కాలం చివర, వానలు మొదలయ్యే ముందు. అరకుకు జనం వచ్చేది మంచు చూడడానికి, చలికాలంలో. నేర్చుకోవాలనుకునేవాళ్లు ఎండల్లో రావాలి, కనీసం వారం ఉండాలి, ఎండబోసిన జీడికి కాపలా కూర్చోవాలి.